స్టెరాయిడ్ క్రీముతో పలచబడి ఎర్రబడిన ముఖం: క్రీము మానే పద్ధతి, ఆ తరువాతి 12 వారాలు

"క్రీము రాసుకున్నంత కాలం ముఖం బాగానే ఉంటుంది, మానితే నాలుగో రోజుకే ఎర్రగా మండిపోతుంది, మళ్లీ రాయక తప్పడం లేదు, ఏం చేయాలి?" అనే ప్రశ్న పాఠకుల నుంచి రకరకాల మాటల్లో వస్తూనే ఉంది. కొందరు తెల్లబడటానికి మొదలుపెట్టారు, కొందరు మంగు మచ్చల కోసం, కొందరు ఒకట్రెండు మొటిమల కోసం. మొదలుపెట్టిన కారణం ఏదైనా అందరూ చిక్కుకున్న చోటు ఒక్కటే, అది క్రీము మానిన తరువాతి మొదటి రెండు మూడు వారాలు. ఈ వ్యాసం ఆ వారాలను ఎలా దాటాలో, దాటిన తరువాత చర్మాన్ని ఎలా నిలబెట్టుకోవాలో వరుసగా చెబుతుంది. మందుల పేర్లు, మోతాదులు వైద్యులతో మాట్లాడేటప్పుడు మీకు అర్థం కావడానికే ఇచ్చాను, సొంతంగా కొని వాడుకోవడానికి కాదు.

## 1. ముందుగా ఆ ట్యూబులో ఏముందో తేల్చుకోండి

ట్యూబును వెలుతురులో పట్టుకుని, పేరును వదిలేసి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న మందుల జాబితాను చదవండి. స్టెరాయిడ్ అనే మాట అక్కడ ఉండకపోవచ్చు. క్లోబెటసాల్, బీటామెథసోన్, మోమెటసోన్, ఫ్లూసినోలోన్, బెక్లోమెథసోన్, హైడ్రోకార్టిసోన్ వంటి పేరు ఏదైనా ఉంటే అది స్టెరాయిడే. "సోన్", "లోన్" అని ముగిసే పేర్లలో ఎక్కువ భాగం ఈ కుటుంబానివే.

ఇవన్నీ ఒకే బలం ఉన్నవి కావు. క్లోబెటసాల్ అన్నిటికంటే తీవ్రమైనది, హైడ్రోకార్టిసోన్ అన్నిటికంటే మృదువైనది. పేరు పక్కన ఉన్న శాతాన్ని చూసి బలాన్ని అంచనా వేయడం చాలామంది చేసే పొరపాటు. 0.05 శాతం క్లోబెటసాల్ 1 శాతం హైడ్రోకార్టిసోన్ కంటే ఎన్నో రెట్లు బలమైనది. బలాన్ని నిర్ణయించేది మందు జాతి, అంకె కాదు.

మంగుకు ఇచ్చే మిశ్రమ క్రీముల్లో సాధారణంగా హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, ఒక స్టెరాయిడ్ కలిసి ఉంటాయి. ఇవి వైద్యుల పర్యవేక్షణలో కొద్ది వారాలు వాడి ఆపడానికి ఉద్దేశించినవి. ఫ్లూసినోలోన్ ఉన్న మిశ్రమాన్ని 8 వారాలకు మించి ఆపకుండా వాడకూడదని తయారీదారులే చెబుతారు. నెలల తరబడి "నైట్ క్రీము"లా రాసుకున్నప్పుడే ఈ కథ మొదలవుతుంది.

జాబితాయే లేని డబ్బా అయితే, అది ఎలా పనిచేసిందో గుర్తు చేసుకోండి. మూడు నాలుగు రోజుల్లోనే ముఖం నునుపెక్కి తెల్లబడిందా? దురద, మొటిమలు రాత్రికి రాత్రే అణిగిపోయాయా? ఒక్క రోజు మానితే ముఖం బిగుసుకుపోయి మండిందా? మామూలు సౌందర్య క్రీము ఇంత వేగంగా పనిచేయదు, మానితే ఇంతగా పగబట్టదు. అటువంటి డబ్బాలో స్టెరాయిడ్ ఉందనే భావించి ముందుకు సాగడం మంచిది.

చిరునామా లేని తెల్లబరిచే క్రీముల్లో పాదరసం కూడా ఉండవచ్చు. లేబులు మీద మెర్క్యూరీ, మెర్క్యూరిక్, కేలమెల్ వంటి మాటలు ఉన్నా, వెండి బంగారు నగలకు తగలనివ్వవద్దని హెచ్చరిక ఉన్నా అనుమానించాలి. పాదరసం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. మూత్రంలో నురుగు ఎక్కువగా కనిపించినా, కాళ్లు, కనురెప్పలు ఉబ్బినా చర్మం సంగతి తరువాత, ముందు మూత్ర పరీక్ష చేయించుకోండి.

ట్యూబును పారేసే ముందు దాని అన్ని వైపులా ఫోటో తీసి ఉంచుకోండి. వైద్యులు మొట్టమొదట అడిగేది అదే.

## 2. ఇవి మామూలు మొటిమలేనా?

స్టెరాయిడ్ వల్ల వచ్చిన పొక్కులకు మొటిమల మందు రాయడం వల్ల పాడైన ముఖాలు చాలా ఉంటాయి. అందుకే ఈ తేడాను అద్దం ముందు నిలబడి నిదానంగా చూడాలి.

మామూలు మొటిమల్లో రకరకాల దశలు ఒకేసారి కనిపిస్తాయి: బ్లాక్‌హెడ్స్, వైట్‌హెడ్స్, చిన్న పొక్కులు, లోతైన గడ్డలు. స్టెరాయిడ్ పొక్కులు మాత్రం ఒకే అచ్చులో పోసినట్లు ఒకే పరిమాణంలో, ఎర్రగా, ఒక్కసారిగా వస్తాయి. వాటి మధ్య బ్లాక్‌హెడ్స్ దాదాపు కనిపించవు. చుట్టూ ఉన్న చర్మం కూడా ఎర్రగా ఉంటుంది. నోటి చుట్టూ వస్తే, పెదవి అంచును ఆనుకుని ఒక సన్నని గీత మేర చర్మం మాత్రం శుభ్రంగా మిగిలిపోవడం ఒక మంచి ఆనవాలు.

పొక్కులతో పాటు ఈ కింది వాటిలో రెండు మూడు ఉంటే అనుమానం బలపడుతుంది:

- బుగ్గల మీద, ముక్కు పక్కన దారాల్లా సన్నని ఎర్రటి రక్తనాళాలు కనిపించడం
- చర్మం సిగరెట్ కాగితంలా పలచగా మెరుస్తూ, చిటికెతో పట్టుకుంటే సన్నని ముడతలు పడటం
- ఎండలో నిలబడినా, పొయ్యి దగ్గరికి వెళ్లినా, వేడి పానీయం తాగినా ముఖం జివ్వుమనడం
- బుగ్గల మీద, గడ్డం మీద నూగు వెంట్రుకలు పెరగడం
- దురద కంటే మంట ఎక్కువగా ఉండటం
- అంతకుముందు సరిపడిన సబ్బు, పౌడరు ఇప్పుడు ఏదీ సరిపడకపోవడం

ఒక మినహాయింపును గుర్తుంచుకోవాలి. ముఖం మీద మచ్చకు అంచు ఉండి, ఆ అంచు నెమ్మదిగా బయటికి పాకుతూ ఉంటే అది తామర కావచ్చు. స్టెరాయిడ్ దాని ఎర్రదనాన్ని అణచివేసి, రూపాన్ని మార్చి, లోపల పెరగనిస్తుంది. దీనికి చర్మాన్ని కొద్దిగా గీకి సూక్ష్మదర్శిని కింద చూసే చిన్న పరీక్ష సరిపోతుంది.

## 3. మానగానే ఎందుకు తిరగబెడుతుంది

దీన్ని అర్థం చేసుకోకపోతే మూడో రోజున ధైర్యం చెదిరి మళ్లీ ట్యూబు పట్టుకుంటారు, కాబట్టి కొద్దిగా వివరిస్తాను.

స్టెరాయిడ్ చర్మంలోని రక్తనాళాలను కుదించి ఉంచుతుంది. ముఖం తెల్లగా కనిపించడానికి ఒక కారణం అదే. నెలల పాటు కుదించి ఉంచిన నాళాలు మందు అందకపోగానే ఒక్కసారిగా విప్పుకుంటాయి, మామూలు స్థితిని దాటి మరీ వ్యాకోచిస్తాయి. ఎర్రదనం, వేడి, వాపు అందువల్లే వస్తాయి. మరోవైపు చర్మానికి బలాన్నిచ్చే కొల్లాజెన్ తయారీ మందగించి, పై పొర పలచబడి ఉంటుంది కాబట్టి నీరు నిలవదు, రాసినదల్లా లోపలికి దిగి మండిస్తుంది. స్టెరాయిడ్ స్థానిక రక్షణను తగ్గించడం వల్ల వెంట్రుకల కుదుళ్లలో ఉండే డెమోడెక్స్ అనే సూక్ష్మ పురుగులు కూడా పెరుగుతాయి. చీము పొక్కుల్లో వాటి పాత్ర ఉంటుంది.

ముఖమే ఇంతగా దెబ్బతినడానికి కారణం, అక్కడి చర్మం మందును ఎక్కువగా పీల్చుకోవడం. ముంజేతితో పోలిస్తే నుదురు సుమారు 6 రెట్లు, దవడ ప్రాంతం సుమారు 13 రెట్లు పీల్చుకుంటాయని కొలిచి చూశారు. చేతి మీద నెల రోజులు ఏమీ చేయని క్రీము దవడ మీద నష్టం చేయడంలో వింత లేదు.

కాబట్టి మానిన తరువాత వచ్చే మంట క్రీము అవసరమని చెప్పే సూచన కాదు. క్రీము చేసిన పని బయటపడటమే. ఇది సాధారణంగా మానిన కొద్ది రోజుల నుంచి రెండు వారాల లోపు మొదలవుతుంది.

## 4. మానే రోజుకు ముందే సిద్ధం చేసుకోవలసినవి

తిరగబెట్టిన రాత్రి 11 గంటలకు ఏం రాయాలో వెతుక్కునేవారు దాదాపు ఎప్పుడూ పాత ట్యూబు దగ్గరికే వెళతారు. అందుకే ఒక వారం ముందు నుంచే సిద్ధం కావాలి.

- చర్మవైద్యుల అపాయింట్‌మెంటు. మానే రోజుకు ముందే ఒకసారి, రెండు మూడు వారాలకు మరొకసారి.
- సువాసన లేని, సబ్బు కాని మృదువైన క్లెన్సర్ ఒకటి.
- సువాసన లేని తేలికపాటి మాయిశ్చరైజర్ ఒకటి. చేర్పుల జాబితా ఎంత చిన్నదైతే అంత మంచిది.
- జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఆధారంగా చేసిన ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న సన్‌స్క్రీన్.
- వెడల్పు అంచు టోపీ లేదా గొడుగు. మొదటి వారంలో సన్‌స్క్రీన్ కూడా మండితే ఇవే దిక్కు.
- మెత్తగా అరిగిన నూలు గుడ్డలు నాలుగైదు.
- ఒక చిన్న నోటు పుస్తకం.

కొన్న క్లెన్సరునూ మాయిశ్చరైజరునూ ముందుగా చెవి వెనుక రోజుకు రెండుసార్లు చొప్పున మూడు రోజులు రాసి చూడండి. మండనివే ముఖం దాకా రావాలి.

తేదీ ఎంచుకునేటప్పుడు కూడా ఆలోచించాలి. పెళ్లిళ్లు, ఇంటర్వ్యూలు, ప్రయాణాలు ఉన్న వారాల్లో మొదలుపెట్టి మధ్యలో చేతులెత్తేయడం కంటే, అవి ముగిశాక మొదలుపెట్టి నిలబడటం మేలు. అయితే వాయిదాకు కూడా ఒక చివరి తేదీ రాసిపెట్టుకోండి.

ఇంట్లో అదే ట్యూబును ఇంకెవరైనా వాడుతున్నారేమో కనుక్కోండి. ఒకరు మానేసి మరొకరు అద్దం పక్కనే దాన్ని ఉంచుకుంటే పదో రోజున ఏం జరుగుతుందో చెప్పనక్కరలేదు.

## 5. ఒక్కసారిగా మానాలా, తగ్గిస్తూ రావాలా

ఈ విషయంలో చర్మవైద్యులందరూ ఒకే పద్ధతి పాటించరు. కొందరు స్టెరాయిడ్‌ను వెంటనే ఆపి, మంటను వేరే మందులతో అదుపు చేస్తారు. కొందరు తీవ్రమైన స్టెరాయిడ్ నుంచి 1 శాతం హైడ్రోకార్టిసోన్ వంటి మృదువైనదానికి మార్చి, దాన్ని వారం రెండు వారాలు రోజూ, తరువాత రోజు విడిచి రోజు, ఆపైన వారానికి రెండుసార్లు చేసి ఆపేస్తారు.

ఏ దారి ఎవరికి అని ఆలోచించేటప్పుడు మూడు విషయాలు లెక్కలోకి వస్తాయి: స్టెరాయిడ్ ఎంత తీవ్రమైనది, ఎన్ని నెలలు వాడారు, మానడానికి చేసిన గత ప్రయత్నాల్లో ఎంతగా తిరగబెట్టింది. తక్కువ బలమైనదాన్ని కొద్ది వారాలే వాడినవారు సాధారణంగా నేరుగా ఆపేయగలరు. తీవ్రమైనదాన్ని ఏడాదికి పైగా వాడినవారు వైద్యులు లేకుండా ఈ అడుగు వేయకూడదు.

నా అభిప్రాయంలో తగ్గిస్తూ రావడం అనే పద్ధతికి ఉన్న పెద్ద లోపం, దానికి ముగింపు తేదీ లేకపోవడమే. అదే పాత ట్యూబును "ఇక రోజు విడిచి రోజే" అని మొదలుపెట్టి ఆరు నెలల తరువాత కూడా అలాగే సాగిస్తున్నవారు ఉంటారు. తగ్గించాలనుకుంటే మారిన మందు, ఏ రోజుల్లో రాయాలి, చివరిసారి ఏ తేదీన అన్నది కాగితం మీద ఉండాలి. జాబితా లేని డబ్బాను తగ్గిస్తూ రావడం అసలు కుదరదు. బలం తెలియనిదాన్ని ఏ లెక్కన తగ్గిస్తారు?

ముఖానికి మాత్రమే కాక ఒంటి మీద పెద్ద భాగానికి తీవ్రమైన స్టెరాయిడ్‌ను నెలల తరబడి రాసినవారి విషయం వేరు. అటువంటివారిలో శరీరం సొంతంగా తయారుచేసుకునే కార్టిసాల్ అనే హార్మోను తగ్గి ఉండవచ్చు. ఒక్కసారిగా ఆపితే విపరీతమైన నీరసం, వాంతులు, నిలబడగానే కళ్లు తిరగడం రావచ్చు. వారు ముందుగా వైద్యులకు చెప్పి, అవసరమైతే రక్త పరీక్ష చేయించుకుని ఆపాలి.

## 6. మొదటి రెండు వారాల దినచర్య

ఈ రెండు వారాల్లో ముఖానికి ఏం రాయాలి అన్న ప్రశ్నకు అసలైన జవాబు, వీలైనంత తక్కువగా రాయాలి అన్నదే.

ఉదయం. చల్లని లేదా గది ఉష్ణోగ్రతలో ఉన్న నీళ్లతో మాత్రమే ముఖం కడగండి. క్లెన్సర్ వద్దు. గుడ్డతో రుద్దకుండా అద్దండి. ఇంకా కొద్దిగా తడి ఉండగానే మాయిశ్చరైజర్ రాయండి. చూపుడు వేలి చివరి కణుపు పొడవున పిండితే వచ్చేది సుమారు అర గ్రాము. ముఖమంతటికీ అటువంటివి రెండు చాలు. పది నిమిషాలు ఆగి సన్‌స్క్రీన్ వేయండి.

పగలు మంట వచ్చినప్పుడు. కాచి చల్లార్చిన నీళ్లలో నూలు గుడ్డను నాలుగు మడతలు పెట్టి ముంచి, నీరు కారనంతగా పిండి, ముఖం మీద పరిచి ఉంచండి. రెండు మూడు నిమిషాల్లో గుడ్డ వెచ్చబడుతుంది. దాన్ని తీసి మళ్లీ ముంచాలి, వెచ్చబడిన గుడ్డను అలాగే వదిలేస్తే ప్రయోజనం ఉండదు. మొత్తం పది నిమిషాలు, రోజుకు రెండు మూడుసార్లు. తీయగానే మాయిశ్చరైజర్ రాయాలి, లేకపోతే ఆరిపోతూ చర్మం మరింత బిగుసుకుంటుంది. మంచుగడ్డను నేరుగా పెట్టవద్దు. తీసిన వెంటనే నాళాలు తిరిగి ఉబ్బి, పలచబడిన చర్మం మరింత మండుతుంది.

రాత్రి. సన్‌స్క్రీన్ తొలగించడానికి క్లెన్సరును వేళ్లతో అర నిమిషం లోపు రాసి కడిగేయండి. మళ్లీ మాయిశ్చరైజర్. పగిలి పొరలు లేస్తున్న చోట మాత్రమే పల్చగా తెల్ల పెట్రోలియం జెల్లీ అద్దవచ్చు. చీము పొక్కులు ఉన్న చోట అది బరువై వేడిని పట్టి ఉంచుతుంది కనుక అక్కడ వద్దు.

నోటు పుస్తకం. రాత్రి పడుకునే ముందు ఎర్రదనానికి, మంటకు వేరు వేరుగా 0 నుంచి 10 వరకు అంకెలు వేయండి. వారానికి ఒక్కసారి, అదే కిటికీ దగ్గర, అదే సమయానికి, ఫ్లాష్ లేకుండా ఫోటో తీయండి. రోజుకు ఐదుసార్లు అద్దంలో చూసుకునేవారికి మార్పు కనిపించదు, వారం ఎడంతో తీసిన రెండు ఫోటోలను పక్కపక్కన పెడితే కనిపిస్తుంది.

ఈ రెండు వారాల్లో స్క్రబ్, బ్లీచ్, ఫేషియల్, ఆవిరి పట్టడం, నిమ్మరసం, పసుపు, కలబంద, టూత్‌పేస్ట్ ఏదీ ముఖానికి తగలకూడదు. ఇంట్లో చేసినది కాబట్టి హాని చేయదనే నమ్మకం మంచి చర్మానికే అంతంతమాత్రంగా వర్తిస్తుంది, ఈ చర్మానికి అసలు వర్తించదు.

## 7. వైద్యులు ఇచ్చే మందులు, వాటితో జాగ్రత్తలు

చీము పొక్కులు, ఎర్రదనం ఎక్కువగా ఉంటే డాక్సీసైక్లిన్ మాత్రలను కొన్ని వారాల పాటు ఇస్తారు. ఇక్కడ దాని నుంచి ఆశించేది క్రిములను చంపడం కంటే వాపును తగ్గించడం. నిండు గ్లాసు నీళ్లతో మింగి, కనీసం అరగంట పడుకోకుండా ఉండాలి. లేకపోతే ఆహారనాళం ఒరుసుకుపోతుంది. ఐరన్, క్యాల్షియం మాత్రలు, యాంటాసిడ్లకు రెండు మూడు గంటల ఎడం ఉండాలి. ఇది ఎండను తట్టుకునే శక్తిని తగ్గిస్తుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఇవ్వరు. కాబట్టి గర్భం ఉన్నా, ఉండే అవకాశం ఉన్నా ముందే చెప్పాలి.

టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్, పైమెక్రోలిమస్ క్రీము స్టెరాయిడ్లు కావు, చర్మాన్ని పలచబరచవు. ఎర్రదనాన్ని, దురదను తగ్గించడానికి ఇస్తారు. అయితే మొదటి కొన్ని రోజులు రాసిన చోట వేడిగా, చురుక్కుమన్నట్లు ఉంటుంది. ఈ సంగతి తెలియక చాలామంది "నాకు పడలేదు" అని మానేస్తారు. ముందు మాయిశ్చరైజర్ రాసి, అది ఇంకాక శనగగింజంత మాత్రమే రాస్తే భరించగలుగుతారు. వారం తరువాత కూడా చురుకు తగ్గకపోయినా, పొక్కులు పెరిగినా మాత్రం వైద్యులకు చెప్పాలి. అరుదుగా ఈ మందే అటువంటి పొక్కులు తెస్తుంది.

ఐవర్‌మెక్టిన్, మెట్రోనిడజోల్, అజెలాయిక్ ఆమ్లం వంటి పైపూత మందులు పొక్కులు మిగిలినప్పుడు వస్తాయి. మంట తీవ్రంగా ఉన్నప్పుడు అజెలాయిక్ ఆమ్లం మండిస్తుంది, కాబట్టి దాని వంతు ఆలస్యంగా వస్తుంది.

## 8. ఒక ఉదాహరణ, వారం వారం

ఇది విషయం అర్థం కావడానికి కూర్చిన ఉదాహరణ.

31 ఏళ్ల స్త్రీకి మంగు కోసం హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్, మోమెటసోన్ కలిసిన క్రీమును 6 వారాలకు రాసిచ్చారు. మచ్చలు తగ్గాయి, ముఖం తేటపడింది, ఆమె చీటీ చూపించి అదే ట్యూబును కొంటూ 14 నెలలు రాసింది. 15 గ్రాముల ట్యూబు మూడు వారాలు వచ్చేది. అంటే దాదాపు 20 ట్యూబులు, 300 గ్రాములు. మూడుసార్లు మానబోయింది, మూడుసార్లూ నాలుగో రోజుకు మళ్లీ రాసింది.

ఈసారి వైద్యులు క్రీమును ఆపించి, రోజుకు 100 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్‌ను 6 వారాలకు రాసి, రెండో వారం నుంచి రాత్రిపూట టాక్రోలిమస్‌ను చేర్చారు. నోటు పుస్తకంలో మంట అంకెలు ఇలా ఉన్నాయి. మొదటి మూడు రోజులు 2. నాలుగో రోజు 6. తొమ్మిదో రోజు 9, ఆ రోజే గడ్డం నిండా ఒకే పరిమాణంలో చీము పొక్కులు. గత మూడు ప్రయత్నాల్లోనూ ఆమె ఈ శిఖరాన్ని ఎన్నడూ చూడలేదు, అంతకుముందే వెనక్కి వెళ్లిపోయింది. 16వ రోజుకు 6.

మూడో వారం చివర, తగ్గుతోందన్న ఉత్సాహంతో, ఎవరో ఇచ్చిన మూలికల జెల్ రాసింది. పది నిమిషాల్లో కడిగేసినా మంట మళ్లీ 8కి వెళ్లి, నాలుగు రోజులు అక్కడే ఉంది. ఐదో వారానికి 4, ఎనిమిదో వారానికి 2. పన్నెండో వారంలో పొక్కులు లేవు, సబ్బు కాని క్లెన్సర్ మండడం లేదు. మిగిలినవి రెండు: బుగ్గల మీద ఎర్రటి దారాలు, తిరిగి వచ్చిన మంగు. మంగుకు 14వ వారం నుంచి అజెలాయిక్ ఆమ్లాన్ని వారానికి మూడు రాత్రులతో మొదలుపెట్టారు. సన్‌స్క్రీన్ ఎలాగూ కొనసాగుతోంది.

ఈ ఉదాహరణలో ఆగి చూడవలసినది తొమ్మిదో రోజు. అది శిఖరమని ముందే తెలిసినవారు దాన్ని దాటతారు.

## 9. తరచుగా జరిగే పొరపాట్లు, సరిదిద్దుకునే మార్గాలు

మొటిమల మందులు రాయడం. బెంజాయిల్ పెరాక్సైడ్, శాలిసిలిక్ ఆమ్లం, అడాపలీన్ పలచబడిన చర్మాన్ని కాల్చినట్లు చేస్తాయి. ఇప్పటికే రాసి ఉంటే ఆపి, ఆరో భాగంలోని దినచర్యకు తిరిగి రండి.

ఒకేసారి మూడు కొత్త వస్తువులు మొదలుపెట్టడం. మండితే ఏది మండించిందో తెలియదు. వారానికి ఒక్కటే కొత్తది చేర్చండి.

మధ్యలో ఒక్కసారి పాత క్రీము రాయడం. ఒక్కసారి రాసినంత మాత్రాన మొదటికి రాలేదు. నోటు పుస్తకంలో ఆ తేదీని నిజాయితీగా రాసి, మరుసటి రోజు నుంచి కొనసాగించండి, తరువాతి సందర్శనలో వైద్యులకు చెప్పండి. అసలు నష్టం, "ఎలాగూ తప్పింది కదా" అని ఆ వారమంతా రాయడంలో ఉంటుంది.

ముఖం మునుపటి కంటే నల్లబడిందని మళ్లీ మొదలుపెట్టడం. క్రీము చర్మపు సహజ వర్ణాన్ని అణచి ఉంచింది, ఇప్పుడు అది తిరిగి వస్తోంది. దానికి తోడు, వాపు తగ్గిన చోట కొన్ని నెలలు ముదురు మచ్చ ఉంటుంది. క్రీము రాసిన రోజుల ఫోటోతో కాక, క్రీముకు ముందు రోజుల ఫోటోతో పోల్చుకోండి.

## 10. వేచి ఉండకుండా వైద్యులను కలవవలసిన సందర్భాలు

- కళ్లు మూసుకుపోయేంత వాపు, ముఖం మీద నీరు కారడం, తేనె రంగు పెచ్చులు, జ్వరం
- గుంపుగా నీటి బుడగలు వచ్చి విపరీతమైన నొప్పి రావడం, ముఖ్యంగా కంటి దగ్గర
- కనురెప్పల మీద, కంటి చుట్టూ నెలల తరబడి రాసి ఉండటం. చూపు మసకబారినా, దీపాల చుట్టూ వలయాలు కనిపించినా మరింత త్వరగా. స్టెరాయిడ్ కంటి ఒత్తిడిని పెంచగలదు, శుక్లాలనూ తేగలదు. కాబట్టి కంటి వైద్యుల చేత ఒత్తిడి కొలిపించుకోవాలి.
- ఐదో భాగంలో చెప్పిన నీరసం, వాంతులు, కళ్లు తిరగడం
- నాలుగు వారాలు గడిచినా మంట అంకెలు ఏమాత్రం దిగకపోవడం

మనసు బాగా కుంగిపోయి, ఎవరి ముందుకూ రాలేకపోతున్నా వైద్యులకు చెప్పండి. ముఖం మీద వచ్చిన జబ్బుకు ఇది అసాధారణం కాదు.

## 11. ఏది తిరిగి వస్తుంది, ఏది రాదు

మంట, పొక్కులు ఎక్కువమందిలో రెండు మూడు నెలల్లో తగ్గుముఖం పడతాయి. ఏళ్ల తరబడి వాడినవారికి ఆరు నెలలు, ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చు. మధ్యలో ఒకట్రెండు చిన్న తిరగబెట్టుళ్లు వస్తాయి, అయితే ఒక్కొక్కటి మునుపటి దానికంటే తేలికగా పోవాలి. చర్మపు పై పొర నెలల్లో మందం పుంజుకుంటుంది. నూగు వెంట్రుకలు కూడా నెలల మీద తగ్గుతాయి. వాటిని వ్యాక్సింగుతో లాగితే పలచని చర్మం ఊడి వస్తుంది, కాబట్టి ఆగాలి.

ఎర్రటి దారాల్లాంటి రక్తనాళాల్లో కొన్ని వాటంతట అవి పోవు. వాటికి రక్తనాళాల లేజర్ పనిచేస్తుంది గానీ, ముఖం పూర్తిగా శాంతించి కొన్ని నెలలు గడవకుండా చేయించుకోవద్దు. మండుతున్న చర్మానికి "గ్లో" చికిత్సలు, కెమికల్ పీల్స్ అమ్మజూపేవారి దగ్గర నుంచి లేచి రావడమే ఉత్తమం.

సౌందర్య సాధనాలను వెనక్కి తెచ్చుకునే క్రమం ఇది: మంట అంకె వరుసగా నాలుగు వారాలు 2 దాటకుండా ఉంటే తేలికపాటి మేకప్, తరువాత అజెలాయిక్ ఆమ్లం వంటివి, అన్నిటికంటే చివర, కనీసం ఆరు నెలలు గడిచాక, వైద్యుల సలహాతోనే ట్రెటినాయిన్ వంటి రెటినాయిడ్లు.

భవిష్యత్తులో ఎగ్జిమాకో అలర్జీకో ముఖానికి స్టెరాయిడ్ రాసివ్వవలసి రావచ్చు. దానికి బెదిరిపోనక్కరలేదు, తక్కువ బలమైనదాన్ని కొద్ది రోజులు వాడటం సరైన వైద్యమే. గతంలో జరిగింది వైద్యులకు చెప్పండి. మందు పేరు, రోజుకు ఎన్నిసార్లు, ఎన్ని రోజులు అని అడిగి, చెరగని పెన్నుతో ట్యూబు మీదే ఆపవలసిన తేదీ రాయండి. ఆ తేదీ రాగానే ట్యూబులో ఎంత మిగిలినా చెత్తబుట్టలో వేయండి.